ఐదువేలు అనుకుంటే మూడువేలు కూడా పడలేదు: ఒక మెసేజ్‌ని తిరగరాస్తూ

పోయిన నెలలో ఒక బుధవారం రాత్రి పదిన్నరకి మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు. ఒంటిమీద డెలివరీ టీషర్టు అలాగే ఉంది, హెల్మెట్ చంకలో ఉంది. కూర్చోకుండానే ఫోన్ నా ముందు పెట్టాడు. "అక్కా, ఇది చదివి ఏమైందో చెప్పు. నాకైతే సమజ్ అయితలే" అన్నాడు. అతను హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ వైపు ఫుడ్ డెలివరీ చేస్తాడు. నేను పదేళ్లుగా బ్యాంకులకి, యాపులకి తెలుగు మెసేజ్‌లు రాసే పనిలో ఉన్నాను. అందుకే నా దగ్గరికి తెచ్చాడు.

ఫోన్‌లో ఉన్నది ఇది:

> హాయ్ పార్ట్‌నర్! ఈ వారం మీ పేఅవుట్ రూ. 2,897 మీ ఖాతాలో జమ చేయబడింది. మీ పేఅవుట్ మీరు పూర్తి చేసిన ఆర్డర్లు, ఇన్సెంటివ్ అర్హత మరియు వర్తించే సర్దుబాట్ల ఆధారంగా లెక్కించబడింది. మరిన్ని ఆర్డర్లు చేయండి, మరింత సంపాదించండి!

అతను అనుకున్నది 5,355. ఈ అంకె గాల్లోంచి రాలేదు. రోజూ రాత్రి ఇంటికెళ్లాక యాప్‌లో ఆ రోజు సంపాదన చూసి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఆ నోట్‌బుక్ కూడా తెచ్చాడు. తక్కువెందుకు వచ్చిందని అప్పటికే కంపెనీ సపోర్ట్‌కి ఫిర్యాదు రాసి టికెట్ రేజ్ చేశాడు. దానికి వచ్చిన జవాబు రెండు వాక్యాలు: "మీ పేఅవుట్ సరిగ్గానే లెక్కించబడిందని మా పరిశీలనలో తేలింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

నేను ఆ మెసేజ్‌ని మూడుసార్లు చదివాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. వ్యాకరణం తప్పు కూడా లేదు. అయినా ఆ కుర్రాడికి దానివల్ల ఒక్క రూపాయి లెక్క కూడా తెలియలేదు. ఇలాంటి వాక్యాలు నేనూ రాశాను కాబట్టి అది ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఆ రాత్రి ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లెక్క తేల్చాం. అతను వెళ్లాక, ఆ మెసేజ్‌ని ఎలా రాసి ఉండాల్సిందో నేను రాయడం మొదలుపెట్టాను. ఒక పూటలో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది.

ఎవరి అంకెతో మొదలుపెట్టాలి

కంపెనీ మెసేజ్ 2,897తో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడమే తన పని అని అది అనుకుంటుంది. కుర్రాడి ప్రశ్న అది కాదు. అతని తలలో 5,355 ఉంది, బ్యాంకులో 2,897 ఉంది. మధ్యలో ఉన్న 2,458 రూపాయలు ఎటు పోయాయన్నది అతని ప్రశ్న. నా అభిప్రాయమల్లా ఒకటే: "తక్కువెందుకు వచ్చింది" అన్నదానికి జవాబు రాసేవాళ్లు అవతలి మనిషి అనుకున్న అంకె దగ్గర మొదలుపెట్టి, పడిన అంకె దాకా ఒక్కో మెట్టూ దింపాలి. మధ్యలో ఒక్క మెట్టు కనిపించకపోయినా, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా అతను నమ్మడు. నమ్మకూడదు కూడా.

అతను అనుకున్న అంకె కంపెనీకి ఎలా తెలుస్తుంది అని అడగొచ్చు. తెలుస్తుంది. ఆ అంకెను అతనికి ఇచ్చింది యాపే. రోజూ చూపించే సంపాదన, ఎన్ని ఆర్డర్లు అయ్యాయో చూపే టార్గెట్ బార్, వాన పడినప్పుడు ఆర్డర్‌కి అదనంగా ఇచ్చే సర్జ్ డబ్బు నోటిఫికేషన్, ఇవన్నీ కలిపితేనే 5,355 అవుతుంది. ఆర్డర్ల మీద 4,180. టిప్పులు 140. వారానికి 110 ఆర్డర్లు చేస్తే వచ్చే ఇన్సెంటివ్ 900. శనివారం సాయంత్రం వానలో చేసిన తొమ్మిది ఆర్డర్లకి, ఒక్కోదానికి 15 చొప్పున 135. నోట్‌బుక్‌లో ఇవి ఇలాగే, ఇదే వరసలో ఉన్నాయి.

ఇప్పుడు దిగుదాం. ఇన్సెంటివ్ 900 కాకుండా 500 వచ్చింది, కాబట్టి 400 తగ్గింది. వాన సర్జ్ 135 ఈ వారంలో కలపలేదు, వచ్చే వారం వేస్తారు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు నాలుగింటికి కస్టమర్ల దగ్గర తీసుకున్న డబ్బు 312, 405, 289, 457, మొత్తం 1,463 అతను డిపాజిట్ చేయలేదు, దాన్ని పట్టుకున్నారు. బ్యాగు, టీషర్టుల వాయిదా 200. ఒక ఆర్డర్లో ఐటమ్ అందలేదని కస్టమర్ ఫిర్యాదు చేస్తే 260. అన్నీ తీసేస్తే సరిగ్గా 2,897.

ఇది తేల్చడానికి మాకు గంటా పావు పట్టింది. యాప్‌లో ఈ వివరాలు లేవని కాదు, ఉన్నాయి. ఇన్సెంటివ్ ఒక స్క్రీన్లో, క్యాష్ ఇంకో స్క్రీన్లో, 260 మాత్రం "ఇతర సర్దుబాట్లు" అన్నదాని లోపల రెండు సార్లు నొక్కితే కనిపించే చోట ఉంది. వాన డబ్బు సంగతి ఎక్కడా లేదు. పాత వారాల స్టేట్‌మెంట్లు తిరగేస్తే, సర్జ్ డబ్బు ప్రతిసారీ ఒక వారం ఆలస్యంగానే పడుతోందని మాకు అర్థమైంది.

"సర్దుబాటు" అన్న ఒక్క మాట

ఈ 2,458 అంతా ఒకే రకం డబ్బు కాదు. కంపెనీ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

1,463 అతనికి ఇప్పటికే అందిన డబ్బు, జేబులో ఉంది. 135 రావాల్సిన డబ్బు, వస్తుంది. 200 ముందే ఒప్పుకున్న వాయిదా. 400 అతను ఒక షరతు దాటలేదు కాబట్టి రాని డబ్బు. 260 మాత్రం నిజంగా అతని చేతి డబ్బులోంచి తీసుకున్నది. అంటే అందింది, రావాల్సింది, ఒప్పుకున్నది, రానిది, తీసుకున్నది. ఈ ఐదింటినీ "ఇన్సెంటివ్ అర్హత", "వర్తించే సర్దుబాట్లు" అన్న రెండు ముక్కల్లో కుక్కేశారు. దాంతో ఆ కుర్రాడికి 2,458 మొత్తం ఒకటే కోతలా కనిపించింది. "రెండువేల ఐదొందలు కటింగ్ చేసిండ్రక్కా" అనే వచ్చాడు నా దగ్గరికి.

విడదీసి చూపించాక అతని కోపం మారింది. మొదటి మూడూ కలిపితే 1,798. దాని మీద అతనికి పేచీ లేదు. మిగిలిన 660 మీద ఉంది, అదీ గట్టిగా ఉంది. మంచి మెసేజ్ రాస్తే మనిషి కోపం తగ్గిపోతుందని నేను చెప్పడం లేదు. ఎక్కడ ఉండాలో అక్కడికి చేరుతుంది.

క్యాష్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే రాసేవాళ్లు దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు. నేనూ మొదట "ఈ రూ. 1,463 మీ దగ్గరే ఉంది" అని రాసి, ఇక ఇందులో చెప్పేదేముంది అనుకున్నాను. మర్నాడు ఫోన్ చేసి అతనికి చదివి వినిపించాను. ఒక్క క్షణం ఆగి, "నా దగ్గరెక్కడుందక్కా, పెట్రోల్‌కి పోయింది" అన్నాడు. నిజమే. రోజుకి నూటయాభై, రెండొందలు పెట్రోలు, మధ్యలో ఒక చాయ్, ఒక పంక్చరు. వారం జీతం బుధవారం దాకా రాదు. చేతిలో ఉన్నది కస్టమర్ ఇచ్చిన నోట్లే. వాటితోనే వారం గడుస్తుంది. కాబట్టి లెక్క ప్రకారం ఆ డబ్బు అతనికి ముందే అందింది, మనసు ప్రకారం అది ఖర్చు. "మీ దగ్గరే ఉంది" అంటే అతనికి అబద్ధంలా వినిపిస్తుంది. "మీరు కస్టమర్ల దగ్గర తీసుకున్నారు" అంటే అది జరిగిన సంగతి, దాన్ని ఎవరూ కాదనరు. పూర్తి వివరం ఉండే చోట ఆ మాటే మార్చాను. అక్కడ నొక్కితే నాలుగు ఆర్డర్ల తేదీలు, మొత్తాలు కనిపించేలా పెట్టాను. 457 ఏ రోజుదో చూడగానే అతనికి గుర్తొచ్చింది, బాచుపల్లిలో ఐదో అంతస్తు, లిఫ్ట్ పని చేయలేదు. ఒక అంకె పక్కన ఒక రోజు ఉంటే మనిషి దాన్ని తన జ్ఞాపకంతో సరిచూసుకోగలడు. కొంతమందికి వీటికి తోడు టీడీఎస్, తీసుకున్న అడ్వాన్సు వాయిదా కూడా ఉంటాయి. ఇతనికి ఆ వారం అవి లేవు.

చేసింది ఎవరు

తెలుగులో "లెక్కించబడింది", "జమ చేయబడింది" అనే మాటలు ఎవరూ మాట్లాడరు. కిరాణా కొట్టతను "మీ ఖాతాలో రెండొందలు రాయబడ్డాయి" అనడు, "రాశాను" అంటాడు. ఈ "బడు" ఇంగ్లీషు టెంప్లేట్‌ని తెలుగు చేసేటప్పుడు వచ్చి చేరుతుంది. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు అది మర్యాద భాష అనుకునేదాన్ని. డబ్బు విషయంలో అది చేసే పని వేరు. పట్టుకున్నది ఎవరో, నిర్ణయించింది ఎవరో వాక్యంలోంచి మాయమైపోతారు.

దీన్ని సరిచేయడం తేలిక అనుకున్నాను. "పట్టుకోబడింది" బదులు "పట్టుకున్నాం" అంటే సరి. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, "మేము" అనగానే ఆ మేము ఏం చేశామో నిజంగా తెలిసుండాలని. 260 రూపాయల దగ్గర ఇరుక్కుపోయాను.

జరిగింది ఇది. గురువారం మధ్యాహ్నం ఒక ఆర్డర్లో బిర్యానీతోపాటు ఖుబానీ కా మీఠా కప్పులు రెండు ఉండాలి. అవి అందలేదని కస్టమర్ యాప్‌లో చెప్పారు. రెస్టారెంట్ ఇచ్చిన కవరుకి స్టేపిల్, దానిపైన స్టిక్కర్ ఉన్నాయి. ఆ కవరు డెలివరీ కుర్రాడు విప్పకూడదు. విప్పకూడనప్పుడు లోపల ఏముందో అతనికి తెలిసే దారి లేదు. రెస్టారెంట్ మర్చిపోయి ఉండొచ్చు, కస్టమర్ పొరపాటు పడి ఉండొచ్చు, దారిలో పడిపోయి ఉండొచ్చు. వీటిలో ఏదో కంపెనీకీ తెలియదు. అయినా సపోర్ట్ జవాబులో "మా పరిశీలనలో తేలింది" అని ఉంది.

ఆ వాక్యాన్ని మొదటిసారి నేను ఇలా తిరగరాశాను: "ఆర్డర్లో ఐటమ్ తక్కువ రావడంతో రూ. 260 పట్టుకున్నాం." తెలుగు బాగుంది, సూటిగా ఉంది. అయితే అది తప్పు. ఐటమ్ తక్కువ వచ్చిందని తేలనే లేదు. రెండోసారి ఇలా రాశాను: "రెండు కప్పులు అందలేదని కస్టమర్ చెప్పారు. కస్టమర్‌కి రూ. 260 వెనక్కిచ్చి, అది మీ సంపాదనలోంచి తీసుకున్నాం. రెస్టారెంట్‌ని మేము ఇంకా అడగలేదు." మూడో వాక్యం ఏ కంపెనీ అయినా ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు, నాకు తెలుసు. ఆ వాక్యం రాయలేకపోతే దానికి కారణం భాష కాదు. ఎవరినీ అడగకుండా డబ్బు పట్టుకున్నారన్నది అక్కడ అసలు సంగతి. తిరగరాయడంలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క చోటే ఉంది. ఏ వాక్యం నిజాయితీగా రాయడం కుదరదో, ఆ వాక్యం కింద ఉన్న నియమమే సరిగ్గా లేదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉంది. వస్తువు పోయిందనో, నష్టం జరిగిందనో జీతంలో కోత పెట్టే ముందు, ఎందుకు పెట్టకూడదో చెప్పుకునే అవకాశం పనివాడికి ఇవ్వాలి. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. డెలివరీ కుర్రాణ్ణి "పార్ట్‌నర్" అంటారు కాబట్టి ఈ రక్షణ అతని దాకా రాదు. ఇలా యాపుల ద్వారా పని చేసే గిగ్ వర్కర్ల కోసం కర్ణాటక 2025లో చేసిన చట్టంలో, చెల్లింపులో కోత పెడితే కారణం చెప్పాలని ఉంది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్లో గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. కారణం చెప్పడం అంటే ఏమిటో మాత్రం ఏ చట్టమైనా వాక్యం రాసి ఇవ్వదు. "వర్తించే సర్దుబాట్లు" కూడా ఒక కారణమే అని ఎవరైనా వాదిస్తారు. అందుకే ఆ వాక్యం ఎలా ఉండాలన్న గొడవ ఇంత పట్టించుకుంటున్నాను.

110 కాస్తా 109 అయిన రాత్రి

400 రూపాయల కథ ఇంకోలా ఉంది. ఆదివారం రాత్రి 10:52కి అతను ఒక బిర్యానీ ఆర్డర్ తీసుకున్నాడు. అది ఆ వారంలో 110వది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వెళ్తే కస్టమర్ ఫోన్ స్విచాఫ్. సపోర్ట్‌కి చాట్ చేశాడు, పది నిమిషాలు ఆగమన్నారు, ఆగాడు. తర్వాత ఫుడ్ రెస్టారెంట్లో వెనక్కి ఇచ్చేయమన్నారు, ఇచ్చాడు. 11:40కి ఆర్డర్ ముగిసినట్టు యాప్ చూపించింది. టార్గెట్ బార్ 110కి చేరింది. 11:52కి ఆ స్క్రీన్ ఫొటో తీసి వాళ్లమ్మకి పంపాడు. పిన్ని ఫోన్లో నేను చూశాను, కింద ఆమె పెట్టిన దండం గుర్తు కూడా ఉంది.

సోమవారం పొద్దున ఆ ఆర్డర్‌ని సిస్టమ్ క్యాన్సిల్ కింద మార్చింది. వెళ్లి వచ్చినందుకు ఆ ఆర్డర్ డబ్బు ఇచ్చారు, టార్గెట్‌లోంచి మాత్రం తీసేశారు. 110 ఆర్డర్లకి 900 ఇచ్చే స్లాబ్ పోయి, 90 ఆర్డర్లకి 500 ఇచ్చే స్లాబ్ వచ్చింది. ఎవరూ చెప్పలేదు. మెసేజ్‌లో ఉన్నది "ఇన్సెంటివ్ అర్హత" అన్న మాట ఒక్కటే.

నియమాల్లో "క్యాన్సిల్ అయిన ఆర్డర్లు టార్గెట్‌లో కలవవు" అని ఉంది. ఆ నియమానికి కారణం కూడా ఉంది. డెలివరీ చేయకుండా క్యాన్సిల్ చేయించి టార్గెట్ నింపుకునేవాళ్లు ఉంటారు. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇక్కడ క్యాన్సిల్ చేసింది కంపెనీ సపోర్టే, ఆగమన్నది వాళ్లే, వెనక్కివ్వమన్నది వాళ్లే. "మీకు అర్హత లేదు" అని రాస్తే లోపం అతనిలో ఉన్నట్టు అవుతుంది. "109 మాత్రమే పూర్తి చేశారు" అని రాసినా అంతే, పైగా ఆ "మాత్రమే" చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఏ ఆర్డర్, ఎన్నింటికి, ఎవరు క్యాన్సిల్ చేశారు, బార్‌లో 110 చూపించి ఎప్పుడు తగ్గించారు అన్నది చెప్తేనే అతనికి అడగడానికి పట్టు దొరుకుతుంది.

చివరికి రాసింది

మెసేజ్ ఎక్కడ కనిపిస్తుందో కూడా చూసుకోవాలి. ఎస్సెమ్మెస్ అయితే ఇంగ్లీషులో 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. అందులోనూ గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" మన కంటికి ఒకటే అక్షరం, అక్కడ ఆరు. పైగా మన దేశంలో కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్ టెంప్లేట్‌ని ముందే రిజిస్టర్ చేయించాలి, మారే అంకెలు ఎక్కడొస్తాయో ముందే గుర్తు పెట్టి చూపించాలి. అందుకే రాసేవాళ్లు అందరికీ సరిపోయే ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. ఆ అవస్థ నాకు తెలుసు. ఎస్సెమ్మెస్‌లో కథంతా చెప్పలేం. సిగ్నల్ దగ్గర బండి ఆపి చూసేవాడికి మొదట కావాల్సినవి రెండు అంకెలే:

> రూ.2897 బ్యాంకులో వేశాం. రూ.1463 క్యాష్ మీ దగ్గరుంది. లెక్క యాప్‌లో.

ఇది 70 లోపే ఇమిడింది. "మీ దగ్గరుంది" అన్న మాట మీద నాకు ఇంకా అనుమానమే, దానికి బదులు ఇంత చిన్న మాట దొరకలేదు. యాప్‌లో తెరిస్తే కనిపించాల్సింది ఇది:

> ఈ వారం మీ సంపాదన రూ. 4,820. ఆర్డర్ల మీద 4,180, టిప్పులు 140, ఇన్సెంటివ్ 500.
>
> ఇందులో రూ. 1,463 మీరు నాలుగు క్యాష్ ఆర్డర్లకి కస్టమర్ల దగ్గర తీసుకున్నారు. బ్యాగు, టీషర్టుల వాయిదా రూ. 200. ఒక ఆర్డర్ మీద ఫిర్యాదుకి రూ. 260 పట్టుకున్నాం. మిగతా రూ. 2,897 బ్యాంకులో వేశాం.
>
> శనివారం వాన సర్జ్ రూ. 135 వచ్చే బుధవారం వేస్తాం.
>
> ఇన్సెంటివ్ రూ. 900 వస్తుందని మీకు యాప్‌లో కనిపించి ఉంటుంది. ఆదివారం రాత్రి మీరు తీసుకెళ్లిన చివరి ఆర్డర్‌ని కస్టమర్ ఫోన్ కలవక మా సపోర్ట్ టీం క్యాన్సిల్ చేసింది. ఆ ఆర్డర్‌కి డబ్బు ఇచ్చాం, టార్గెట్‌లో మాత్రం సోమవారం తీసేశాం. దాంతో 110 కాస్తా 109 అయ్యి, 90 ఆర్డర్ల స్లాబ్ రూ. 500 వచ్చింది.
>
> గురువారం మధ్యాహ్నం ఆర్డర్లో రెండు కప్పులు అందలేదని కస్టమర్ చెప్పారు. రెస్టారెంట్‌ని మేము ఇంకా అడగలేదు.
>
> ఈ రెండిట్లో ఏది సరికాదనిపించినా ఆదివారం లోపు ఇక్కడ నొక్కి మీ మాట చెప్పండి. మనిషి చూసి, బుధవారం లోపు జవాబిస్తారు.

"హాయ్ పార్ట్‌నర్" తీసేశాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" కూడా తీసేశాను. డబ్బు తక్కువ పడిన మనిషికి అసౌకర్యం అన్న మాట సరిపోదు. "మరిన్ని ఆర్డర్లు చేయండి" అన్న వాక్యం గురించి మాత్రం ఎక్కువ ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. ఆ వారం అతను ఏడు రోజులూ పని చేశాడు.

"పేఅవుట్" అన్న మాట ఉంచాలా అని చాలాసేపు తటపటాయించాను. కుర్రాళ్లంతా ఆ మాటే వాడతారు, వాడుకలో ఉన్న మాట ఉంచడమే నా పద్ధతి. కానీ దానికి రెండర్థాలు వచ్చేశాయి: కొందరికి సంపాదన, కొందరికి బ్యాంకులో పడింది. గొడవంతా ఆ రెండింటి తేడా మీదే ఉన్నప్పుడు ఒకే మాట పనికిరాదు. అందుకే "సంపాదన", "బ్యాంకులో వేశాం" అని విడదీశాను.

నాకున్న అనుమానాలు

నాతో ఒకప్పుడు పని చేసి, ఇప్పుడు ఒక కంపెనీ సపోర్ట్ టీంలో ఉన్న స్నేహితురాలికి ఇది పంపాను. ఆమె రెండు మాటలు చెప్పింది, రెండూ బరువైనవే.

మొదటిది, ఇంత వివరం ఇస్తే టికెట్లు పెరుగుతాయని. "ఇప్పుడు సగం మంది అర్థంకాక వదిలేస్తారే. నువ్వు రాసినట్టు రాస్తే ప్రతివాడూ 260కి గొడవేసుకుంటాడు." ఆమె దురుద్దేశంతో అనలేదు, రోజుకి వచ్చే టికెట్లు ఎన్నో ఆమెకి తెలుసు కాబట్టి అంది. క్యాష్, వాయిదా, వాన సర్జ్ గురించి వచ్చే టికెట్లు తగ్గుతాయని నేను వాదించాను. బహుశా తగ్గుతాయి. కోత మీద వచ్చేవి పెరుగుతాయన్నది మాత్రం ఆమె చెప్పినట్టే జరుగుతుంది. అర్థంకాక వదిలేసేవాళ్ల డబ్బు మీద మిగిలే ప్రశాంతత మనకెందుకు అని అడిగాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

రెండోది, అన్నీ చెప్పేస్తే మోసం చేసేవాళ్లకి దారి చూపించినట్టే అని. ఇది కొంతవరకు ఒప్పుకుంటాను. ఏ లెక్కన అనుమానిస్తారో, ఎన్ని క్యాన్సిల్స్ దాటితే ఐడీ బ్లాక్ చేస్తారో బయటపెట్టమని నేను అడగడం లేదు. ఒక మనిషికి అతని సొంత ఆర్డర్, దాని తేదీ, దానికి పట్టుకున్న మొత్తం చెప్పడంలో ఏ రహస్యమూ బయటపడదు. అవి అతనికి జరిగిన సంగతులు.

మూడో అనుమానం నాది. నేను రాసింది మా పిన్ని కొడుకు చదవగలడు. అతనితోపాటు అదే జోన్‌లో తిరిగేవాళ్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లకి తెలుగు చదవడం రాదు. మనవాళ్లలోనూ అక్షరం కూడబలుక్కుని చదివేవాళ్లున్నారు. వాళ్లకి ఆరు పేరాల స్క్రీన్ అడ్డుగోడే. దీన్ని వాయిస్‌లో వినిపించేలా పెట్టాలి, నిమిషంలో అయిపోతుంది. గట్టిగా చదివి చూసుకున్నాను. "స్లాబ్" దగ్గర ఒక్కసారి తడబడ్డాను, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.

తర్వాత ఏమైంది

ఆ బుధవారం రాత్రే ఇద్దరం కలిసి కొత్త టికెట్ రాశాం. ఈసారి 2,458 గురించి అడగలేదు. 400, 260 మాత్రమే అడిగాం. ఆదివారం రాత్రి స్క్రీన్ ఫొటో, సపోర్ట్ "ఫుడ్ వెనక్కివ్వండి" అన్న చాట్, రెండూ జత చేశాం. ఖుబానీ కప్పుల గురించి ఒకటే రాశాం: కవరు సీల్ చేసి ఉంది, నేను విప్పలేదు, రెస్టారెంట్‌ని అడగండి.

నాలుగు రోజులకి మళ్లీ అదే రెండు వాక్యాలు వచ్చాయి, సరిగ్గానే లెక్కించబడిందని. అతను ఆశ వదిలేసుకున్నాడు.

తర్వాతి బుధవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్. "అక్కా, ఈసారి నేను రాసుకున్నదానికంటే 260 ఎక్కువ పడ్డయి. ఎట్లొచ్చినయో తెల్వదు. మళ్ల వెనక్కి గుంజుకుంటరేమో, ఖర్చు పెట్టాల్నా వద్దా?" వాన సర్జ్ 135 అతను ముందే లెక్కలో వేసుకున్నాడు, కాబట్టి ఇది అది కాదు. స్క్రీన్ ఫొటో పంపమన్నాను. "ఇతర సర్దుబాట్లు" అన్నదాని లోపల, రెండు సార్లు నొక్కితే కనిపించే అదే చోట ఉంది: "సర్దుబాటు: + రూ. 260". ఏ ఆర్డర్దో లేదు, ఎందుకో లేదు. 400 గురించి ఎక్కడా లేదు.

"గురువారం కప్పులవిరా, వెనక్కిచ్చారు. ఖర్చు పెట్టుకో" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మెసేజ్ ఫైల్ తెరిచి, డబ్బు వెనక్కిచ్చే వారానికి ఒక పేరా కలిపాను: "పోయిన వారం గురువారం ఆర్డర్ మీద పట్టుకున్న రూ. 260 మీకు తిరిగి వేశాం. కప్పులు పెట్టడం మర్చిపోయామని రెస్టారెంట్ చెప్పింది." రెండో వాక్యం నా ఊహే, రెస్టారెంట్ ఏం చెప్పిందో మాకు తెలియదు. అది కొట్టేసి, అక్కడ ఖాళీ గీత ఒకటి పెట్టి ఉంచాను.